లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, నెట్ మాత్రం రాదు

గుంటూరు బ్రాడీపేటలో మా బావమరిది ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ఫైబర్ వైరు ముందు గదిలోకి వస్తుంది. కంపెనీవాళ్ళు బిగించిన తెల్ల డబ్బా కూడా అక్కడే, టీవీ పక్కన ఉంది. వెనక పడగ్గదిలో చదువుకునే పిల్లకి వైఫై అందదు. అందుకని నాలుగు వేలు పెట్టి మంచి రూటర్ ఒకటి కొన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చి, తెల్ల డబ్బాని 'బ్రిడ్జి'లో పెట్టి, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చి, "ఇక మీ రూటర్‌లో ఇవి వేసుకోండి సార్" అని చెప్పి వెళ్ళిపోయాడు. వేసుకున్నాడు. నెట్ రాలేదు.

ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో నడిచింది ఫోన్ల మీద ఫోన్లు. కంపెనీ వాళ్ళు లైన్ బాగుంది, సిగ్నల్ బాగుంది, రూటర్ చూసుకోండి అన్నారు. రూటర్ అమ్మిన షాపతను రూటర్ కొత్తది, దాన్లో లోపమేం లేదు, లైన్ చూపించుకోండి అన్నాడు. నాలుగో రోజు నాకు ఫోన్ వచ్చింది. "బావా, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టాను. ఏం పాడైందో అర్థం కావట్లేదు."

ఏమీ పాడవలేదు. కంపెనీ అన్నదీ నిజమే, షాపతను అన్నదీ నిజమే. రూటర్‌లో ఒక అంకె వెయ్యాలి, ఆ సంగతి మా వాడికి ఎవరూ చెప్పలేదు. దాన్నే వీల్యాన్ నంబరు అంటారు. నెట్‌వర్క్ పనిలో ఉన్నవాళ్ళకి ఇది రోజూ నోట్లో నానే మాట. ఇంట్లో కనెక్షన్ పెట్టించుకునేవాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పరు. సమస్య వచ్చినప్పుడు జనం రోజుల తరబడి తిరిగేది కూడా ఎక్కువగా ఈ అంకె దగ్గరే.

ఇంటికొచ్చే ఫైబర్ వెంట్రుకంత సన్నని గాజు పోగు. వీధిలో ఒక చోట స్ప్లిటర్ అనే చిన్న భాగం ఉంటుంది. అక్కడ ఒకే పోగులోని వెలుగు ముప్పై రెండు ఇళ్ళకో, అరవై నాలుగు ఇళ్ళకో చీలుతుంది. అవతలి చివర కంపెనీ ఆఫీసులో ఓఎల్‌టీ అనే పెద్ద యంత్రం ఉంటుంది, ఇవతలి చివర మన ఇంట్లో ఓఎన్‌టీ అనే తెల్ల డబ్బా ఉంటుంది. ఆ ఒక్క పోగులోనే మన ఇంటర్నెట్టూ పోతుంది, ల్యాండ్‌లైన్ మాటలూ పోతాయి, కొన్ని చోట్ల టీవీ కూడా పోతుంది. కంపెనీ తన డబ్బాలని దూరం నుంచి సరిచూసుకోవడానికి పంపే కబుర్లు కూడా అందులోనే. ఇవన్నీ కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇస్తారు. ఇంటర్నెట్‌కి ఒకటి, ఫోనుకి ఇంకొకటి. రూటర్ నుంచి బయల్దేరే ప్రతి డేటా పొట్లం మీద ఆ నంబరు చీటీ అంటించి ఉండాలి. దాన్నే ట్యాగ్ అంటారు. చీటీ చూసి అవతలి యంత్రం దాన్ని ఏ దారిన పంపాలో తేల్చుకుంటుంది.

ఈ పద్ధతికి 802.1Q అని పేరు. ఈ ప్రమాణం 1998లో వచ్చింది. రూటర్ తెరల మీద ఇదే పేరు కనిపిస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకుంటే మంచిది. చీటీ పరిమాణం నాలుగు బైట్లు. అందులో నంబరుకి పన్నెండు బిట్లు దొరుకుతాయి. కాబట్టి 4096 నంబర్లు సాధ్యం. మొదటిదీ చివరిదీ పక్కన పెడితే, వాడుకోదగ్గవి 1 నుంచి 4094 దాకా. వీటిలో ఏది పెట్టుకోవాలన్నది పూర్తిగా కంపెనీ ఇష్టం.

చీటీ లేని పొట్లం ఏమవుతుంది? మన అపార్ట్‌మెంటుకి ఫ్లాట్ నంబరు రాయని పార్సిల్ వస్తే వాచ్‌మన్ కనీసం నలుగురినీ అడుగుతాడు. ఇక్కడ అలా అడిగేవాళ్ళు లేరు. చీటీ లేకపోయినా, తప్పు నంబరు ఉన్నా, అవతలి యంత్రం ఆ పొట్లాన్ని పారేస్తుంది. పారేశానని తిరిగి చెప్పదు. ఈ లోపం మనిషిని ఇంతగా తిప్పలు పెట్టేది ఆ మౌనం వల్లనే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని జవాబొస్తుంది. వైరు తెగితే ఎర్ర లైటు వెలుగుతుంది. నంబరు లేకపోతే మాత్రం జవాబూ ఉండదు, ఎర్ర లైటూ ఉండదు.

ఇన్నాళ్ళూ నెట్ వస్తూనే ఉంది కదా, ఈ నంబరు సంగతి మా బావమరిదికి ఎందుకు తెలియలేదు? ఎందుకంటే అప్పట్లో తెల్ల డబ్బాయే రూటర్ పని కూడా చేసేది. కనెక్షన్ ఇచ్చిన రోజునే కంపెనీ మనిషి దాని లోపలి పేజీలో యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో పాటు ఈ నంబరూ కొట్టేశాడు. చీటీ అంటించే పని ఆ డబ్బా చూసుకుంది. బ్రిడ్జిలో పెట్టాక అది వట్టి దారి అయిపోయింది, రూటర్ పని కొత్త రూటర్ మీద పడింది. ఐడీ, పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చిన అబ్బాయి నంబరు రాయడం మర్చిపోయాడు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ముందు లైట్లు చూశాను. PON అని రాసి ఉన్న లైటు కదలకుండా పచ్చగా వెలుగుతోంది. LOS అనేది ఆరి ఉంది. ఈ రెండూ ఇలా ఉంటే గాజు పోగు బాగున్నట్టే, ఓఎల్‌టీ మన డబ్బాని గుర్తుపట్టినట్టే. డబ్బా లోపలి పేజీ తెరిచి అందుకుంటున్న వెలుగు ఎంతో చూశాను. మైనస్ 19 డీబీఎం ఉంది. మామూలుగా మైనస్ 27 దాటి కిందికి పోతేనే చిక్కు. కాబట్టి లైన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంకో మాట కూడా అక్కడే బయటపడింది. ఈ మూడు రోజులూ ల్యాండ్‌లైన్ మాత్రం చక్కగా మోగుతూనే ఉందని మా చెల్లెమ్మ చెప్పింది. ఫోనుది వేరే నంబరు, దాని చీటీ ఇప్పటికీ తెల్ల డబ్బాయే అంటిస్తోంది. ఫోను పనిచేస్తూ నెట్ ఒక్కటే రాకపోతే వైరుని అనుమానించనక్కర్లేదు.

తర్వాత కొత్త రూటర్ పేజీ తెరిచాను. ఇంటర్నెట్ దగ్గర 'Connecting' అని ఉంది, కాసేపటికి 'Disconnected' అని వస్తుంది, మళ్ళీ 'Connecting'. అడ్రసు ఉండాల్సిన చోట 0.0.0.0 అని ఉంది. మన దగ్గర చాలా కంపెనీలు పీపీపీఓఈ అనే పద్ధతిలో లాగిన్ చేయిస్తాయి. అందులో రూటర్ చేసే మొదటి పని ఐడీ చెప్పడం కాదు, "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని ఒక కేక వెయ్యడం. అవతలి సర్వరు "ఉన్నాను" అని పలికితేనే తర్వాత ఐడీ, పాస్‌వర్డ్ అడగడం మొదలవుతుంది. మా వాడి రూటర్ కేక వేస్తూనే ఉంది. జవాబు లేదు. రూటర్ లాగ్‌లో ఈ ఒక్క వాక్యమే పదేపదే కనిపించింది:

```
Timeout waiting for PADO packets
```

ఆ 'PADO' అనేదే అవతలి నుంచి రావాల్సిన "ఉన్నాను" అనే జవాబు. అది రాలేదని రూటర్ చెబుతోంది. అంటే మా వాడు పదిసార్లు మార్చి మార్చి కొట్టిన పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా కంపెనీ దాకా వెళ్ళలేదు.

లాగ్ చదవడం రానివాళ్ళు కూడా చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది, దాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. పాస్‌వర్డ్‌లో కావాలనే ఒక అక్షరం తప్పు కొట్టి ఒక్కసారి కనెక్ట్ చెయ్యండి. పాస్‌వర్డ్ తప్పని జవాబొస్తే మీ కేక అవతలికి చేరుతున్నట్టే. అప్పుడు నంబరు సరిగ్గానే ఉంది, చిక్కు ఐడీలోనో, బిల్లులోనో ఉంది. తప్పు కొట్టినా, ఒప్పు కొట్టినా తెర మీద అదే మౌనం ఉంటే, మాట గుమ్మం దగ్గరే ఆగిపోతోందన్నమాట. విండోస్ కంప్యూటర్ నుంచి నేరుగా డయల్ చేసేవాళ్ళకి ఇదే తేడా అంకెల్లో కనిపిస్తుంది. 691 అని వస్తే ఐడీ లేదా పాస్‌వర్డ్ నచ్చలేదని అవతలి సర్వరు పలికినట్టు. 651 అని వస్తే సాధారణంగా ఎవరూ పలకలేదని. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదేపదే తప్పు కొడితే కొన్ని కంపెనీలు ఐడీని కాసేపు ఆపేస్తాయి.

ల్యాప్‌టాప్‌ని నేరుగా తెల్ల డబ్బాకి గుచ్చి చూడమని చాలామంది సలహా ఇస్తారు. ఈ లోపం దగ్గర ఆ సలహా తప్పుదారి పట్టిస్తుంది. మామూలు ల్యాప్‌టాప్ తనంతట తాను చీటీ అంటించదు. కాబట్టి దానికీ నెట్ రాదు. "చూశారా, ల్యాప్‌టాప్‌కి కూడా రావట్లేదు, లైనే పోయింది" అని తీర్మానించేస్తారు. మా బావమరిది చేసింది అచ్చంగా ఇదే. పాపం, ఆ ఒక్క పరీక్ష మీద నమ్మకంతో కంపెనీతో రెండు రోజులు పోట్లాడాడు. పీపీపీఓఈ వాడని కనెక్షన్లలో కూడా ఇంతే. రూటర్‌కి అడ్రసు రాదు, నేరుగా గుచ్చిన ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపిస్తుంది. ఎవరూ అడ్రసు ఇవ్వనప్పుడు కంప్యూటర్ తనకు తాను పెట్టుకునే అడ్రసు అది.

ఇదే మౌనాన్ని పుట్టించే మరో కారణం ఉంది, అది కూడా చెప్పి తీరాలి. కొన్ని కంపెనీలు పాత పరికరం మ్యాక్ అడ్రసుకే కనెక్షన్ కట్టేస్తాయి. కొత్త రూటర్ పెడితే పలకవు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోవడానికి తేలిక మార్గం, కంపెనీకి ఫోన్ చేసి మ్యాక్ విడిపించమని అడగడం. విడిపించాక కూడా అదే మౌనం ఉంటే నంబరు వైపు చూడాలి.

ఇక నంబరు ఎక్కడ దొరుకుతుంది? నేను కంపెనీ అబ్బాయికి ఫోన్ చేశాను. "నెట్ రావట్లేదు" అంటే మళ్ళీ లైన్ చూసి బాగుందంటాడు కాబట్టి ఆ మాట అనలేదు. రెండే ప్రశ్నలు అడిగాను. "ఇంటర్నెట్ వీల్యాన్ ఐడీ ఎంత? బ్రిడ్జిలో ట్యాగ్ మీ ఓఎన్‌టీ తీసేస్తోందా, నా రూటర్‌లో పెట్టాలా?" అబ్బాయి ఒక్క క్షణం ఆగి, "అయ్యో, చెప్పలేదా సార్? 1240. మీరే పెట్టుకోవాలి" అన్నాడు. మంచివాడే. రోజుకి పది ఇళ్ళు తిరిగే మనిషి, ఒక అంకె మర్చిపోయాడు.

ఆ రెండో ప్రశ్న మొదటిదానికంటే ముఖ్యం. నంబరు తెలిసినా చాలామంది మళ్ళీ పడిపోయేది ఇక్కడే. చీటీ దారిలో ఒక్కచోటే పడాలి. కొన్ని కంపెనీలు బ్రిడ్జిలో పెట్టేటప్పుడు నంబరు ఓఎన్‌టీలోనే ఉంచుతాయి. అప్పుడు రూటర్ ఏ చీటీ లేకుండా పంపితే, బయటికి పోయే ముందు ఓఎన్‌టీ అంటిస్తుంది. అలాంటిచోట మనం రూటర్‌లో కూడా నంబరు వేస్తే పని చెడుతుంది. కొన్ని ఓఎన్‌టీలు ఏమీ ముట్టుకోకుండా వచ్చింది వచ్చినట్టు పంపేస్తాయి. మా బావమరిదిది ఈ రెండో రకం. ఏ రకమో తెలియకపోతే రెండు విధాలా చేసి చూడండి, దానివల్ల ఏమీ పాడవదు. ఒక్కో మార్పు తర్వాత రూటర్‌ని ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి వెలిగించండి. పాత లాగిన్ అవతల ఇంకా తెగకుండా ఉంటే సరైన అమరిక కూడా వెంటనే పలకదు.

రూటర్‌లో ఈ గడి ఎక్కడుంటుందో వెతకడం ఇంకో పని. ఇంటర్నెట్ పేజీలో ఐడీ, పాస్‌వర్డ్ పక్కనే ఉంటే అదృష్టం. చాలా రూటర్లలో అక్కడ ఉండదు. టీవీ కోసం పెట్టిన 'IPTV/VLAN' అనే పేజీలో దాక్కుని ఉంటుంది. మన ఇంట్లో ఆ టీవీ లేకపోయినా ఆ పేజీకే వెళ్ళాలి. అక్కడ 'Custom' ఎంచుకుని, ఇంటర్నెట్‌కి ఎదురుగా 1240 కొట్టి, '802.1Q Tag' అన్నదానికి టిక్కు పెట్టాను. సేవ్ చేశాను. రూటర్ ఆగి వెలిగింది. నిమిషంలోపే 0.0.0.0 పోయి అసలు అడ్రసు వచ్చింది. పిల్ల వెనక గదిలోంచి "వచ్చేసింది మామయ్యా!" అని అరిచింది.

ఆ 1240 మీకు పనికిరాదు. మన దగ్గర అందరికీ ఒకే నంబరు ఉండదు. ఒకే కంపెనీలో కూడా ఊరికో, ఓఎల్‌టీకో మారుతూ ఉంటుంది. ఎదురింటాయన నంబరు మీ ఇంట్లో పనిచెయ్యకపోవచ్చు. కొన్ని దేశాల్లో ఈ విషయంలో కొంత నయం. జర్మనీలో డాయిష్ టెలికాం ఇంటర్నెట్‌కి 7 వాడుతుంది. మలేషియాలో యూనిఫై ఇంటర్నెట్‌కి 500, టీవీకి 600. న్యూజిలాండ్‌లో ప్రభుత్వ పథకం కింద వేసిన ఫైబర్ మీద చాలా కంపెనీలకి 10. అక్కడ ఫైబర్ వేసే సంస్థ వేరు, నెలనెలా బిల్లు వేసే కంపెనీ వేరు. కంపెనీ మారినా నంబరు చాలాసార్లు మారదు. కాబట్టి అక్కడ జనానికి ఆ పది నోటికి వచ్చేస్తుంది.

ఆక్లాండ్‌లో ఉండే మా మేనకోడలికి ఆ పది తెలిసి కూడా ఉపయోగం లేకపోయింది. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన చిన్న రూటర్‌లో వీల్యాన్ గడే లేదు. చవక రూటర్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు, వైఫై ఎంత బలంగా ఉన్నా సరే. అలాంటప్పుడు చెయ్యగలిగింది ఒక్కటే. కంపెనీ ఇచ్చిన రూటర్‌నే ముందు ఉంచి, చీటీ పని దానికే వదిలేసి, మనదాన్ని దాని వెనక 'Access Point'గా పెట్టుకోవాలి. మా మేనకోడలు అదే చేసింది. వెనక గదికి వైఫై అందించడమే మీ అవసరమైతే బ్రిడ్జి జోలికే పోకుండా మొదటి నుంచీ ఇదే చెయ్యమంటాను. మా బావమరిది ముందే అడిగి ఉంటే అతనికీ ఇదే చెప్పేవాణ్ణి.

రూటర్ మార్చనివాళ్ళు కూడా ఈ నంబరు పోగొట్టుకునే సందర్భం ఒకటుంది. నెట్ నెమ్మదించిందని ఎవరో ఒకరు తెల్ల డబ్బా వెనకాల చిన్న రంధ్రంలో పిన్నీసు గుచ్చి పది సెకన్లు నొక్కి పట్టుకుంటారు. అది ఆపి వెలిగించడం కాదు, రీసెట్. కంపెనీ మనిషి చేత్తో కొట్టినవన్నీ, నంబరుతో సహా, చెరిగిపోతాయి. కొన్ని కంపెనీల డబ్బాలు తమ అమరికలని కేంద్రం నుంచి మళ్ళీ తెచ్చుకుంటాయి. చేత్తో కొట్టినవి అలా రావు. వైఫై పేరు ఫ్యాక్టరీ పేరుగా మారిపోయి, PON పచ్చగా ఉండి, నెట్ రాకపోతే జరిగింది ఇదే. ఆ రంధ్రం జోలికి వెళ్ళకండి. ఆపి వెలిగించాలంటే ప్లగ్గు తీసి పెట్టండి, చాలు.

నెట్ బాగా వస్తున్న రోజునే పది నిమిషాలు కేటాయించండి. డబ్బా కింద అంటించిన స్టిక్కర్ మీద పేజీ అడ్రసు ఉంటుంది, చాలావాటికి 192.168.1.1. లోపల WAN అనే పేజీ తెరిచి, 'VLAN ID' కనిపించే తెరని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కంపెనీ ఆ పేజీకి తాళం వేసి ఉంటే, నేను అడిగిన రెండు ప్రశ్నలూ అడిగి జవాబు రాసి పెట్టుకోండి. మా బావమరిది ఇంట్లో తెల్ల డబ్బా మీద ఇప్పుడు స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది: "1240. ట్యాగ్ రూటర్‌లోనే పెట్టాలి."